పసిబిడ్డ కామెర్ల ప్రశ్న: ఫిజియలాజికలా, పాథలాజికలా తేల్చడం ఎలా?

పీడియాట్రిక్స్ పరీక్ష దగ్గర పడిందంటే నర్సింగ్ విద్యార్థులైనా, ఎంబీబీఎస్ వాళ్లైనా తిప్పి తిప్పి ఒకటే అడుగుతారు: "మూడో రోజు కామెర్లు అని ఇచ్చారు, ఫిజియలాజికలే కదా?" కావచ్చు, కాకపోనూవచ్చు. మూడో రోజు అన్న ఒక్క మాటతో అది తేలదు. చాలామందికి పట్టికలోని పాయింట్లన్నీ కంఠతా వచ్చు. ప్రశ్నలో ఏ ముక్కను ముందు చూడాలో తెలియకే తప్పు గుర్తిస్తారు. అందుకే ఇక్కడ పట్టిక ఇవ్వడం లేదు, ఏ వరసలో చూడాలో చెబుతున్నాను. వార్డులో బిడ్డను చూసేటప్పుడు కూడా ఇదే వరస పనికొస్తుంది.

ముందుగా కావలసినవి

ప్రశ్న చదవగానే ఈ ఐదూ ఉన్నాయో లేదో వెతికి గీత గీయండి:

- కామెర్లు మొదట కనిపించేసరికి బిడ్డ వయసు
- టోటల్ బిలిరుబిన్, డైరెక్ట్ బిలిరుబిన్
- రెండు రిపోర్టులుంటే వాటి మధ్య ఎన్ని గంటలు
- తల్లి, బిడ్డ బ్లడ్ గ్రూపులు
- నెలలు నిండిన బిడ్డా కాదా, పాలు ఎలా తాగుతోంది, మల మూత్రాల రంగేమిటి

ఐదూ ప్రతి ప్రశ్నలో ఉండవు. కానీ ఇచ్చినది ఏదైనా ఊరికే ఇవ్వరు. "బిడ్డ బట్టలపై పసుపు మరకలు పడుతున్నాయి" అన్న వాక్యం ఉందంటే జవాబు అక్కడే ఉంటుంది. కింద బిలిరుబిన్ అంకెలన్నీ ఒక డెసిలీటరు రక్తంలో ఇన్ని మిల్లీగ్రాములు అన్న లెక్కలోవే.

సిద్ధాంతం ఇంతవరకు చాలు. పుట్టిన బిడ్డకు ఎర్ర కణాలు ఎక్కువ, అవి పెద్దవాళ్ల కణాల కన్నా త్వరగా చితికిపోతాయి. వాటి నుంచి వచ్చే బిలిరుబిన్‌ను నీటిలో కరిగేలా మార్చే ఎంజైము లివర్‌లో ఇంకా పూర్తిగా పని మొదలుపెట్టదు. మార్చిన దానిలో కొంత పేగుల్లో విడిపోయి తిరిగి రక్తంలోకి వస్తుంది. అందుకే ఫిజియలాజికల్ కామెర్లలో పెరిగేది ఎప్పుడూ ఇన్‌డైరెక్ట్ బిలిరుబినే. లివర్ మార్చాక బయటికి పోలేక ఆగిపోయినదే డైరెక్ట్. అది పెరగడానికి ఫిజియలాజికల్ కారణమంటూ లేదు.

1. వయసును గంటల్లోకి మార్చండి

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. "రెండో రోజు" అనగానే 24 గంటలు దాటాయని అనుకుంటారు. సోమవారం రాత్రి 10 గంటలకు పుట్టిన బిడ్డకు మంగళవారం సాయంత్రం 4 గంటలకు పచ్చదనం కనిపించిందనుకోండి. కేస్ షీట్‌లో తేదీ మారింది కాబట్టి రెండో రోజు అని రాసి ఉంటుంది. గంటల్లో చూస్తే అది 18వ గంట. 24 గంటల లోపు కంటికి కనిపించే కామెర్లను పాథలాజికల్‌గానే తీసుకోవాలి. బిడ్డ ఎంత చురుగ్గా ఉన్నా సరే, బిలిరుబిన్ వెంటనే చూడాల్సిందే.

గంటలు లెక్కేశాక వయసును బట్టి ఆలోచన ఇలా సాగాలి.

24 గంటల లోపైతే ముందు గుర్తుకు రావలసింది ఎర్ర కణాలు చితికిపోవడం. ఆర్‌హెచ్ లేదా ఏబీఓ గ్రూపుల పొసగనితనం, జీ6పీడీ లోపం ఇక్కడ వస్తాయి. గర్భంలోనే సోకిన ఇన్ఫెక్షన్లు కూడా ఉండొచ్చు.

24 నుంచి 72 గంటల మధ్య మొదలైతే ఫిజియలాజికల్‌కు అవకాశం ఎక్కువ. నెలలు నిండిన బిడ్డలో ఇది మూడు నుంచి ఐదు రోజుల మధ్య బాగా పెరిగి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. నెలలు నిండని బిడ్డలో ఇంకాస్త ఆలస్యంగా పెరిగి, తగ్గడానికి రెండు వారాల దాకా పడుతుంది. పాలు చాలక వచ్చే కామెర్లు కూడా ఈ సమయంలోనే మొదలవుతాయి.

72 గంటలు దాటాక కొత్తగా మొదలైతే సెప్సిస్‌ను మర్చిపోకండి. తలపై రక్తం గడ్డకట్టిన వాపు, అంటే సెఫల్‌హెమటోమా ఉన్నా ఆ రక్తం విరుగుతూ బిలిరుబిన్ పెరుగుతుంది.

నెలలు నిండిన బిడ్డలో 14 రోజులు, నిండని బిడ్డలో 21 రోజులు దాటినా తగ్గకపోతే దీర్ఘకాలిక కామెర్లు. ఇక్కడ జవాబు రెండో మెట్టు మీదే ఆధారపడుతుంది.

హెచ్చరిక: 24 గంటల లోపు వస్తే పాథలాజికల్ అన్నది నిజం. కానీ 24 గంటలు దాటాక వచ్చినంత మాత్రాన ఫిజియలాజికల్ అయిపోదు. పాథలాజికల్ అనడానికి ఒక్క లక్షణం చాలు, ఫిజియలాజికల్ అనడానికి మాత్రం అన్నీ కుదరాలి.

2. డైరెక్ట్ ఎంతో చూడండి

రిపోర్టులో టోటల్, డైరెక్ట్ ఉంటాయి. ఇన్‌డైరెక్ట్ ఇవ్వకపోతే టోటల్‌లోంచి డైరెక్ట్ తీసేయండి. తర్వాత డైరెక్ట్ టోటల్‌లో ఎంత శాతమో చూడండి. పరీక్షల్లో ఎక్కువగా వాడే గీటురాయి ఇది: డైరెక్ట్ 2 దాటినా, టోటల్‌లో 20 శాతం దాటినా పాథలాజికల్. కొత్త మార్గదర్శకాల్లో 1 దాటితే చాలు, ఎక్కువగా తీసుకుంటారు. ప్రశ్నలో డైరెక్ట్ 1.5 లాంటి మధ్య అంకె ఇస్తే మీ సిలబస్ పుస్తకం ఏది వాడుతుందో దాన్నే పట్టుకోండి. వార్డులోనైతే మధ్యలో ఉన్నదాన్ని వదిలేయకుండా మళ్లీ చూడాలి.

ఇద్దరు బిడ్డల రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇద్దరి వయసూ 20 రోజులు, ఇద్దరికీ టోటల్ 9. మొదటి బిడ్డకు డైరెక్ట్ 0.5, అంటే 6 శాతం కూడా లేదు. బరువు పెరుగుతోంది, తల్లిపాలే తాగుతోంది, మలం పచ్చగానే ఉంది. ఇది చాలావరకు తల్లిపాల కామెర్లు. థైరాయిడ్ పరీక్ష, మూత్ర పరీక్ష లాంటివి చూసి మిగతా కారణాలు లేవనుకున్నాక పాలు కొనసాగించమంటాం. రెండో బిడ్డకు డైరెక్ట్ 5.5, అంటే 61 శాతం. ఈ బిడ్డ కూడా బరువు పెరుగుతూ చూడ్డానికి బాగానే ఉండొచ్చు. మోసం ఇక్కడే ఉంది. బిలియరీ అట్రీషియా ఉన్న బిడ్డ మొదటి వారాల్లో తరచు బాగానే కనిపిస్తుంది. పిత్తనాళాలు మూసుకుపోతే చేసే కసాయ్ ఆపరేషన్ 60 రోజుల లోపు జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. "ఇంకో రెండు వారాలు చూద్దాం" అన్న ఆప్షన్ ఎంత తెలివిగా రాసి ఉన్నా ఇక్కడ తప్పే.

రిపోర్టు లేని చోట ప్రత్యామ్నాయం గుడ్డలే. అప్పుడే పుట్టిన బిడ్డ మూత్రానికి దాదాపు రంగుండదు. తెల్ల గుడ్డ తడిసి ఆరాక పసుపు మరక నిలిచిందంటే డైరెక్ట్ బిలిరుబిన్ మూత్రంలోకి వస్తోందని అనుమానించాలి. డైపరైతే మలం రంగు చూడండి. సున్నంలా, పాలిపోయిన మట్టిలా ఉంటే పిత్తం పేగులోకి దిగడం లేదు. డైరెక్ట్ పరీక్ష ఆ రోజే చేయించాలి. మలం రంగును గది లైటు కింద కాకుండా పగటి వెలుతురులో చూడండి. పసుపు రంగు ట్యూబ్‌లైట్ కింద పాలిపోయిన మలం కూడా మామూలుగానే అనిపిస్తుంది.

3. పెరుగుతున్న వేగం లెక్కేయండి

రెండు రిపోర్టులిచ్చి, మధ్యలో ఎన్ని గంటలో చెప్పారంటే ఈ లెక్క చేయమనే అర్థం. రోజుకు 5 కన్నా ఎక్కువ పెరిగితే పాథలాజికల్ అన్నది పాత సూత్రం. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే మొదటి 24 గంటల్లో గంటకు 0.3, ఆ తర్వాత గంటకు 0.2, లేదా అంతకన్నా ఎక్కువ వేగంతో పెరుగుతుంటే కణాలు చితుకుతున్నాయని అనుమానించాలి.

మొదటి మెట్టులోని బిడ్డనే తీసుకుందాం. నెలలు నిండింది, తొలి కాన్పు. తల్లిది ఓ పాజిటివ్, బిడ్డది ఏ పాజిటివ్. 18వ గంటలో టోటల్ 8, డైరెక్ట్ 0.6. 24వ గంటలో టోటల్ 11.

- వయసు 18 గంటలు. ఇక్కడికే పాథలాజికల్ అని తేలిపోయింది.
- డైరెక్ట్ 0.6, అంటే 8లో ఏడున్నర శాతం. కాబట్టి ఇన్‌డైరెక్ట్ రకం.
- ఆరు గంటల్లో 3 పెరిగింది, గంటకు 0.5. కణాలు వేగంగా చితుకుతున్నాయి.
- తల్లి ఓ, బిడ్డ ఏ. ఇద్దరూ పాజిటివ్ కాబట్టి ఆర్‌హెచ్ డి సమస్య కాదు, ఏబీఓ పొసగనితనమే మొదటి అనుమానం.

"తొలి కాన్పు కదా, గ్రూపుల గొడవ ఎలా వస్తుంది?" అని ఇక్కడ ఆగిపోతారు. తొలి బిడ్డకు సాధారణంగా రానిది ఆర్‌హెచ్ సమస్య. ఓ గ్రూపు తల్లిలో ఏ, బీ లకు వ్యతిరేకమైన యాంటీబాడీలు గర్భం రాకముందే ఉంటాయి, కాబట్టి ఏబీఓ తొలి బిడ్డకూ రావచ్చు. డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష ఇందులో బలహీనంగా పాజిటివ్ రావచ్చు, నెగెటివ్ కూడా రావచ్చు. స్మియర్‌లో స్ఫీరోసైట్లు కనిపిస్తే ఏబీఓ వైపు మొగ్గు పెరుగుతుంది. కూంబ్స్ నెగెటివ్ వచ్చి, బిడ్డ మగపిల్లవాడై, స్మియర్ తేడాగా ఉంటే జీ6పీడీ పంపండి. బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన పాత బట్టలు తొడిగారా అని కూడా అడగండి. వాటిలో ఉండే నాఫ్తలీన్ జీ6పీడీ లోపం ఉన్న బిడ్డలో కణాలను చితక్కొడుతుంది.

టోటల్ గరిష్ఠం విషయంలో పుస్తకాలు ఒక మాట మీద లేవు. నెలలు నిండిన బిడ్డకు 12 అని కొన్ని, 15 అని కొన్ని రాస్తాయి. నా మాట వింటే టోటల్ ఒక్కదాన్ని పట్టుకుని వేలాడకండి. 18వ గంటలో 9 ప్రమాదం. నాలుగో రోజు నిక్షేపంగా ఉన్న బిడ్డలో అదే 9 మామూలు.

4. బిడ్డను, పాలను చూడండి

పేర్లు దగ్గరగా ఉండటంతో రెండు విషయాలు కలిసిపోతాయి. బ్రెస్ట్ ఫీడింగ్ జాండిస్ అంటే పాలు చాలక వచ్చేది. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తుంది, బరువు తగ్గుతుంది, మూత్రం తక్కువ పోస్తుంది. పేగులు కదలక బిలిరుబిన్ మళ్లీ రక్తంలోకి చేరుతుంది. దీనికి మందు పాలే: రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలి, బిడ్డ చనుమొనను సరిగ్గా అందుకుంటోందో చూడాలి. బ్రెస్ట్ మిల్క్ జాండిస్ వేరు. మొదటి వారం చివర్లో మొదలై, రెండో వారంలో బాగా పెరిగి, వారాల తరబడి ఉండొచ్చు. బిడ్డ చక్కగా తాగుతుంది, బరువు పెరుగుతుంది. రెండింటిలోనూ పెరిగేది ఇన్‌డైరెక్టే. రెండింటిలోనూ పాలు ఆపకూడదు.

బిడ్డ మందకొడిగా ఉండి, పాలు సరిగ్గా పీల్చకుండా, ఒళ్లు వేలాడేస్తుంటే కామెర్ల రకం తేల్చే పని పక్కన పెట్టండి. బిలిరుబిన్ మెదడుకు చేరడంలో మొదటి దశ అలాగే ఉంటుంది. తర్వాత కీచుమనే ఏడుపు, విల్లులా వెనక్కి వంగడం వస్తాయి. సెప్సిస్ కూడా ఇలాగే మొదలవుతుంది. ఏదైనా సరే బిడ్డ అప్పటికప్పుడు ఆస్పత్రిలో ఉండాలి.

5. ప్రశ్నలోని చివరి మాట చదివి చికిత్స గుర్తించండి

"తర్వాత ఏం చేయాలి" అన్నదీ "ఖాయంగా తేల్చే పరీక్ష ఏది" అన్నదీ ఒకటి కాదు. రకం సరిగ్గానే తేల్చి, ఇక్కడ తప్పు పెట్టేవాళ్లు చాలామంది.

*ఫిజియలాజికల్ అయితే:* పాలు పట్టడం, బరువు చూడటం, మళ్లీ పరీక్షకు రమ్మనడం. బిలిరుబిన్ చికిత్స గీత దాటనంతవరకు ఇంకేమీ అక్కర్లేదు.

*ఇన్‌డైరెక్ట్ ఎక్కువై గీత దాటితే:* ఫొటోథెరపీ. ఆ గీత ఒక్క అంకె కాదు. గర్భం వారాలు, వయసు గంటలు, కణాలు చితకడం లాంటి ప్రమాద కారణాలను బట్టి చార్టులో చూడాలి. ఏబీఓ కేసులో కణాలు చితుకుతున్నాయి కాబట్టి ప్రమాద కారణాలున్న పిల్లల చార్టు వాడాలి. 24వ గంటలో 11 ఆ గీతను దాటుతుంది, రక్త మార్పిడి గీతకు మాత్రం దూరంగానే ఉంటుంది. కాబట్టి జవాబు ఫొటోథెరపీ, కొన్ని గంటలకోసారి బిలిరుబిన్.

వాడేది 460 నుంచి 490 నానోమీటర్ల నీలి కాంతి. అతినీల లోహిత కిరణాలు అన్న ఆప్షన్ తప్పు. కళ్లకు గంతలు కట్టాలి, డైపర్ తప్ప మిగతా ఒళ్లంతా లైటుకు తగలాలి, పాలు రెండు మూడు గంటలకోసారి పట్టాలి, ఉష్ణోగ్రతా బరువూ రాయాలి. కంటి గంత జారి ముక్కు మీదికి వస్తే ఊపిరి ఆడదు. నైట్ డ్యూటీలో చేరగానే చూడాల్సింది ముందు అదే.

*రక్త మార్పిడి గీత దాటినా, మెదడు లక్షణాలు కనిపించినా:* ఎక్స్‌చేంజ్ ట్రాన్స్‌ఫ్యూజన్. బిడ్డ ఒంట్లోని రక్తానికి రెండింతలు మారుస్తారు, అంటే కిలోకు సుమారు 160 మిల్లీలీటర్లు, మూడు కిలోల బిడ్డకు 480. ఆర్‌హెచ్ సమస్యైతే ఆర్‌హెచ్ నెగెటివ్ రక్తం, అత్యవసరంలో ఓ నెగెటివ్. ఏబీఓ అయితే ఓ గ్రూపు కణాలు, బిడ్డ ఆర్‌హెచ్‌కు సరిపోయేవి. బిడ్డది ఏ కాబట్టి ఏ రక్తం ఎక్కిస్తామన్నది తరచు కనిపించే తప్పు. తల్లి యాంటీబాడీలు ఆ కొత్త కణాలను కూడా చితక్కొడతాయి.

*డైరెక్ట్ ఎక్కువైతే:* కారణం వెతకాలి. పాలిపోయిన మలమైతే కడుపు అల్ట్రాసౌండ్‌తో మొదలుపెడతారు, ఖాయంగా తేల్చేది ఆపరేషన్‌లో చేసే కొలాంజియోగ్రామ్. డైరెక్ట్ బిలిరుబిన్‌కు ఫొటోథెరపీ మందు కాదు. పైగా అలాంటి బిడ్డను లైటు కింద పెడితే చర్మం గోధుమ, బూడిద కలిసిన రంగుకు మారే బ్రాంజ్ బేబీ సిండ్రోమ్ రావచ్చు.

6. జవాబు సరిచూసుకోండి

ఫిజియలాజికల్ అని గుర్తించే ముందు ఈ నాలుగూ అడగండి. 24 గంటల తర్వాతే మొదలైందా? డైరెక్ట్ తక్కువేనా? వేగం హద్దులోనే ఉందా? బిడ్డ చురుగ్గా ఉండి, రెండు వారాల లోపు తగ్గిందా? ఒక్కదానికి "కాదు" అని వచ్చినా జవాబు మార్చండి. ఒకదాని గురించి ప్రశ్నలో ఏమీ చెప్పకపోతే, చెప్పినవాటిలో తేడా లేనప్పుడే ఫిజియలాజికల్ వైపు వెళ్లండి.

వార్డులో సరిచూసుకోవడం కొంచెం వేరు. పసిబిడ్డ కంటి తెల్లగుడ్డు ఒక్కదాన్నే నమ్ముకోకండి. కిటికీ దగ్గర వెలుతురులో నుదురు, ఛాతీ, మోకాలు, పాదం వరసగా వేలితో నొక్కి వదలండి. రక్తం పక్కకు పోయిన క్షణంలో కింది రంగు కనిపిస్తుంది. పచ్చదనం ముఖం నుంచి కిందికి దిగుతుంది. అరచేతులు, అరికాళ్లు పచ్చబడ్డాయంటే బిలిరుబిన్ చాలా ఎక్కువగా ఉండొచ్చు. చామనఛాయ బిడ్డల్లో ఈ అంచనా తప్పే అవకాశం ఎక్కువ. ఫొటోథెరపీ మొదలయ్యాక దీన్ని అసలు నమ్మకూడదు, ఎందుకంటే లైటు ముందు చర్మాన్ని తేటపరుస్తుంది. రక్తంలో బిలిరుబిన్ ఇంకా ఎక్కువే ఉండొచ్చు. శాంపిల్ తీసేటప్పుడు లైటు ఆపి, ట్యూబును వెలుతురు తగలకుండా పంపండి. లేకపోతే అంకె ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. లైటు తీసేశాక, ముఖ్యంగా కణాలు చితుకుతున్న బిడ్డలో, బిలిరుబిన్ మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఇంటికి పంపే ముందో తర్వాతో ఇంకోసారి చూడాలి.

తల్లికిచ్చే సలహా ప్రశ్నలు

పొద్దుటి ఎండలో పెట్టమనడం, గ్లూకోజ్ నీళ్లు పట్టమనడం, రెండు రోజులు పాలు ఆపమనడం: ఈ మూడూ ఆప్షన్లలో వస్తూనే ఉంటాయి. ఎండను చికిత్సగా సిఫారసు చేయరు, కాంతి మోతాదు తెలియదు, బిడ్డ ఒళ్లు కాలొచ్చు, చల్లబడొచ్చు. గ్లూకోజ్ నీళ్లతో కడుపు నిండి పాలు తగ్గుతాయి, బిలిరుబిన్ తగ్గదు. మన ఊళ్లలో ఇంకోటి కూడా ఉంది: పెద్దవాళ్లు "పసిరికలు" అని పసరు మందు కోసం తీసుకెళ్తారు. కంట్లో పసరు పిండినా, ఒంటిపై చురకలు పెట్టినా బిడ్డకు గాయమే మిగులుతుంది, పరీక్ష ఆలస్యమవుతుంది. ఆ అమ్మమ్మను కసురుకుంటే మరుసటి రోజు చెప్పకుండా తీసుకెళ్తుంది. "అమ్మా, ఇది పెద్దవాళ్లకొచ్చే కామెర్ల లాంటిది కాదు. తెల్ల గుడ్డ మీద పసుపు మరక పడినా, మలం తెల్లగా వచ్చినా, పాలు తాగకుండా నిద్రపోతున్నా రాత్రైనా సరే తీసుకురండి" అని చెప్పండి. పరీక్షలో సరైన ఆప్షన్ కూడా దాదాపు ఇదే మాటల్లో ఉంటుంది.